ముఖం కనిపించని సబ్బు రీల్‌లో గొంతు ఏం చెప్పాలి?

“ప్రకృతి ఒడిలో పుట్టిన స్వచ్ఛతను మీ చర్మానికి అందిస్తోంది మా సబ్బు. ఎలాంటి రసాయనాలూ లేకుండా, అత్యంత శ్రద్ధతో తయారుచేయబడిన ఈ సబ్బు మీ అందాన్ని రెట్టింపు చేస్తుంది.”

ఇంట్లో సబ్బులు చేసి అమ్మేవాళ్లు రీల్ కోసం తొలిసారి మాటలు రాసుకున్నప్పుడు చాలావరకు ఇలాగే రాస్తారు. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆమె చేసిన సబ్బు గురించి ఇందులో ఒక్క ముక్కా లేదు. ఇవే మాటలు ముఖానికి రాసే క్రీముకైనా సరిపోతాయి, తలనూనెకైనా సరిపోతాయి. పైగా ఒక మాట అబద్ధం. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

కెమెరా ముందుకొచ్చి మాట్లాడేవాళ్లకు ఇలాంటి మాటలతో కూడా కొంత గడుస్తుంది. వినేవాళ్లు మాటలు పట్టించుకోకపోయినా ఆ మనిషి కళ్లు చూస్తారు, నవ్వు చూస్తారు, నమ్మొచ్చో లేదో వాళ్లే తేల్చుకుంటారు. ముఖం చూపించడం ఇష్టం లేనివాళ్లకు ఆ ఆసరా ఉండదు. తెరమీద ఉండేవి రెండు చేతులు, గిన్నెలు, సబ్బులు. వీటి వెనక ఒక మనిషి ఉందని తెలియాలంటే గొంతు ఒక్కటే దారి. అందుకే గొంతు మాత్రమే వినిపించే రీల్‌కు మాటలు మరింత జాగ్రత్తగా రాసుకోవాలి. ముఖం చూపించకపోవడాన్ని లోపంగా తీసుకోనక్కర్లేదు. ఇంట్లో అభ్యంతరం కావచ్చు, ఫొటోలు ఎక్కడెక్కడికి పోతాయోనన్న భయం కావచ్చు, ఊరికే ఇష్టం లేకపోవచ్చు. ఏ కారణమైనా సరే, రీల్‌లో దానికి సంజాయిషీ చెప్పాల్సిన పనిలేదు.

రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం పని అయిపోతుంది: ఈ దృశ్యంలో కంటికి కనిపించనిది ఏమిటి? నూనె గిన్నెలో పడుతున్నప్పుడు “ఇప్పుడు గిన్నెలో నూనె పోస్తున్నాను” అంటే గొంతు వృథా అయినట్టే, ఎందుకంటే అది కన్ను ఎలాగూ చూస్తోంది. అది ఏ నూనె, ఎందుకు ఆ నూనె, అది లేకపోతే సబ్బు ఎలా ఉంటుంది అన్నవి కన్ను చూడలేదు. సబ్బు విషయంలో కెమెరాకు అందనివి చాలా ఉన్నాయి. వాసన అందదు. చేతిలో పట్టుకుంటే ఎలా ఉంటుందో అందదు. అన్నిటికంటే ముఖ్యం, కాలం అందదు. నెలకు పైగా ఆరబెట్టిన సబ్బూ నిన్న కోసిన సబ్బూ వీడియోలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. గొంతు చేయాల్సిన పని ఇక్కడే ఉంది.

ఒక్కోసారి కన్ను చూసినా అర్థం కానిది ఉంటుంది. సబ్బు పాకంలో పసుపు వేస్తే అది పచ్చగా ఉండదు, క్షారం తగిలి ఎర్రబారుతుంది. ఎర్ర మందారం ఎర్రగా నిలవకుండా గోధుమరంగుకు తిరుగుతుంది. చూసేవాళ్లకు ఏదో పాడైనట్టు అనిపిస్తుంది, లేదా రంగు కలిపారేమోనన్న అనుమానం వస్తుంది. అక్కడ ఒక్క వాక్యంలో కారణం చెబితే, ఈమెకు పని తెలుసన్న నమ్మకం కుదురుతుంది.

ఇదంతా ఒక సబ్బు పెట్టుకుని చూద్దాం. రాజమండ్రిలో ఇంటి నుంచి సబ్బులు చేసే ఒకామె ఉన్నారనుకుందాం. ఆమె చేసేది పెసరపిండి సబ్బు. ఒక విడతకు మొత్తం కిలో నూనెలు పడతాయి: కొబ్బరినూనె 400 గ్రాములు, నువ్వులనూనె 450, ఆముదం 150. వీటికి కాస్టిక్ సోడా సుమారు 145 గ్రాములు, దాన్ని కరిగించడానికి డిస్టిల్డ్ వాటర్ 290 గ్రాములు. నూనెలో ఐదు శాతం దాకా సబ్బుగా మారకుండా మిగిలిపోవాలని సోడాను ఆ మేరకు తగ్గించి వేస్తారు. ఒక్కో నూనెకు పట్టే సోడా వేరు కాబట్టి ఈ అంకెలు ఈ నూనెలకే. నూనె మారిస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి.

సోడాను నీళ్లలో కొంచెం కొంచెంగా వేస్తారు. సోడా మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా మరిగి ఎగజిమ్ముతుంది, అందుకని ఎప్పుడూ అలా చేయరు. కరిగేటప్పుడు బాగా వేడెక్కి, ముక్కుకు ఘాటుగా తగిలే ఆవిరి వస్తుంది. కిటికీ తీసి, చేతి తొడుగులు వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకునే ఈ పని చేయాలి. వేడి తగ్గాక నూనెల్లో పోసి హ్యాండ్ బ్లెండర్‌తో తిప్పుతారు. కొద్దిసేపటికి మజ్జిగలా ఉన్నది చిక్కబడుతుంది. గరిటతో ఎత్తి పోస్తే ధార లోపలికి మునిగిపోకుండా పైన గీతలా కాసేపు నిలుస్తుంది. దీన్నే సబ్బులు చేసేవాళ్లు ట్రేస్ వచ్చిందంటారు. అప్పుడు పెసరపిండి కలిపి అచ్చులో పోస్తారు. మర్నాటికో ఎల్లుండికో దిమ్మ గట్టిపడితే పన్నెండు ముక్కలు కోస్తారు. ఆ తర్వాత గాలి తగిలే చోట నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెడతారు.

ఈ ఆరబెట్టడం గురించి అమ్మేవాళ్లలోనూ ఒక పొరపాటు మాట తిరుగుతుంటుంది. నెల రోజులు ఆరితే గానీ సోడా పోదని అంటారు. నిజానికి కొలత సరిగ్గా ఉంటే సోడా, నూనె కలిసి సబ్బుగా మారడం చాలావరకు ఒకటి రెండు రోజుల్లోనే అయిపోతుంది. ఆ తర్వాత వారాల తరబడి బయటికి పోయేది నీరు. నీరు పోయేకొద్దీ సబ్బు గట్టిపడుతుంది, నురగ బాగుపడుతుంది, తడిలో తొందరగా అరగదు. సోడా ఎక్కువ పడిన సబ్బును ఎన్ని నెలలు ఆరబెట్టినా ఆ లోపం పూర్తిగా పోతుందని చెప్పలేం. అందుకని ‘సోడా పోవడానికి ఆరబెడుతున్నాను’ అని రీల్‌లో చెబితే, తెలిసినవాళ్లకు ఆమెకు తన పని తెలియదని అనిపిస్తుంది. తెలియనివాళ్లకు సబ్బంటేనే భయం పుడుతుంది.

ఇప్పుడు మాటలకు వద్దాం. పై పనులన్నిటిలో మొదటి వాక్యానికి పనికొచ్చేది ఏది? చాలామంది పని జరిగిన వరసలోనే మొదలుపెడతారు: ముందు నూనెలు, తర్వాత సోడా, తర్వాత కలపడం. ఆ వరస వంటకు బాగుంటుంది. రీల్‌లో మొదటి రెండు మూడు సెకన్లలో ఆగాలనిపించకపోతే వేలు పైకి తోసేస్తుంది. కాబట్టి వరస పక్కన పెట్టి, చూసేవాళ్లకు వింతగా అనిపించే నిజం ఏదో అది ముందు పెట్టాలి. ఈమె దగ్గర అలాంటిది ఒకటి సిద్ధంగా ఉంది: చేతిలో తాజా సబ్బు ఉంది, అయినా అమ్మదు. అమ్ముకునే మనిషి ‘అమ్మను’ అంటే ఎందుకని ఎవరైనా ఆగుతారు. సబ్బు కోయడం చూడటానికీ బాగుంటుంది కాబట్టి దృశ్యం, మాట ఒకచోట కలుస్తాయి.

రెండో మార్పు క్రియల్లో. ‘తయారుచేయబడింది’, ‘వాడబడ్డాయి’ లాంటి మాటల్లో చేసిన మనిషి ఉండదు. ‘కోశాను’, ‘తూచాను’ అన్నప్పుడు ఆ మనిషి ఉంటుంది. తెలుగులో ఆ సౌకర్యం క్రియలోనే ఉంది, ‘నేను’ అని విడిగా అననక్కర్లేదు. తెరమీద ముఖం లేనప్పుడు ప్రతి వాక్యం చివరా ఈ ‘ను’ వినిపించాలి. ‘మా సంస్థ’, ‘మా ఉత్పత్తులు’ అని ఒక్కరే ఉన్నచోట పదిమందిని నిలబెట్టకూడదు. అలాగే ఎవరి యాస వాళ్లకు ఉండనివ్వాలి. శ్రీకాకుళం ఆమె శ్రీకాకుళం మాటల్లో, కరీంనగర్ ఆమె కరీంనగర్ మాటల్లో చెబితేనే ఆ గొంతు ఫలానా మనిషిదని గుర్తుంటుంది. వార్తలు చదివే పద్ధతి అరువు తెచ్చుకుంటే అందరి గొంతులూ ఒకటైపోతాయి.

మూడోది పొడవు. ఇంగ్లిషు సలహాల్లో నిమిషానికి నూట యాభై మాటలని ఒక లెక్క చెబుతుంటారు. తెలుగు మాటలు పొడవు, విభక్తులూ ప్రత్యయాలూ కలిసిపోయి ఉంటాయి, కాబట్టి ఆ లెక్క మనకు కుదరదు. నింపాదిగా, స్పష్టంగా చదివితే సెకనుకు రెండు మాటలు అనుకోవడం మేలు. అంటే 50 సెకన్ల రీల్‌కు తొంభై, వంద మాటలకు మించకూడదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పైకి చదివి చూసుకోవడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. మనసులో చదివితే ఎప్పుడూ తక్కువ సమయమే తేలుతుంది.

ఆమె కోసం రాసిన స్క్రిప్ట్ ఇది. ముందు దృశ్యం, తర్వాత గొంతు.

సబ్బు దిమ్మను సన్నని తీగతో కోస్తున్న చేతులు, 5 సెకన్లు.
“ఈ సబ్బు ఇవాళే కోశాను. కానీ నెల దాటేదాకా అమ్మకానికి పెట్టను.”

ఒకదాని తర్వాత ఒకటి గిన్నెలోకి దిగుతున్న మూడు నూనెలు, 8 సెకన్లు.
“ఇందులో కొబ్బరినూనె, నువ్వులనూనె, కొంచెం ఆముదం. నురగ కొబ్బరినూనె ఇస్తుంది. ఆ నురగ వెంటనే ఆరిపోకుండా ఆముదం పట్టుకుంటుంది.”

తొడుగులు వేసుకున్న చేతులు, త్రాసు మీద సోడా, 8 సెకన్లు.
“కాస్టిక్ సోడా కూడా ఉంది. అది లేకుండా సబ్బే లేదు. గ్రాము లెక్కన తూచి వేస్తాను, అందుకే పూర్తయిన సబ్బులో మిగలదు.”

గరిట నుంచి జారుతున్న పాకం, పైన నిలిచిన గీత, 7 సెకన్లు.
“ఇలా ధార పోస్తే పైన గీత నిలవాలి. అప్పుడే పెసరపిండి వేస్తాను.”

త్రాసు మీద ఆరిన సబ్బు, వెనక చెక్క అరలో వరసగా ముక్కలు, 10 సెకన్లు.
“పోయినసారి చేసినవి ఇవి. కోసిన రోజు నూట ఇరవై గ్రాములున్నాయి, ఇప్పుడు నూట ఐదు. పోయింది నీళ్లే. ఆ నీళ్లు పోకముందే వాడితే సబ్బు తొందరగా అరిగిపోతుంది.”

తడి చేతుల్లో నురగ, 5 సెకన్లు.
“సెంటు వేయలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాస్త నూనె వాసన, అంతే.”

ఇవాళ కోసిన పన్నెండు ముక్కలు పైనుంచి, 7 సెకన్లు.
“ఈసారి పన్నెండే వచ్చాయి. వచ్చే నెల పదో తారీకు తర్వాత పంపిస్తాను. కావాలంటే మెసేజ్ పెట్టండి.”

మొత్తం 50 సెకన్లు, దాదాపు తొంభై మాటలు. నాలుగో దృశ్యానికి ఏడు సెకన్లుంటే మాటలు ఐదు సెకన్లకే అయిపోతాయి. ఆ మిగిలిన రెండు సెకన్లు కావాలనే వదిలాం. ధార పడి గీత నిలవడం చూసే తీరిక అక్కడ ఉండాలి. మాటలతో నింపేస్తే రీల్‌లోని అందమైన క్షణాన్ని మనమే తొక్కేసినట్టవుతుంది. త్రాసు దృశ్యం మీద నాకు ప్రత్యేకంగా నమ్మకం. కెమెరాకు కాలం అందదని ముందు అనుకున్నాం కదా, బరువులో తేడా చూపిస్తే కాలం కంటికి కనిపిస్తుంది. అయితే అక్కడ పెట్టింది పోయిన విడత సబ్బని చెప్పడం మరిచిపోకూడదు. ఇవాళ కోసిందే ఇవాళే ఆరినట్టు అనిపిస్తే మొదటి వాక్యం మీద నమ్మకం పోతుంది. అంకెలు కూడా తన త్రాసు మీద వచ్చినవే చెప్పాలి. వాతావరణాన్ని బట్టి, పోసిన నీళ్లను బట్టి ఈ తరుగు మారుతుంది. కోస్తా ఊళ్లలో వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆరడం నెమ్మదిస్తుంది. లేబుల్ మీద వేసేది కూడా ఆరిన తర్వాతి బరువే అయి ఉండాలి.

ఇక మొదట్లో అన్న అబద్ధం సంగతి. ‘రసాయనాలు లేని సబ్బు’ అనేది ఉండదు. సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా, నూనెతో కలిస్తేనే గట్టి సబ్బు తయారవుతుంది. దాన్ని దాచిపెట్టి ‘కెమికల్ ఫ్రీ’ అంటే, వ్యాఖ్యల్లో ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు జవాబు ఉండదు. ముందే తానే చెప్పేస్తే అదే ఆమె బలమవుతుంది. స్క్రిప్ట్‌లో మూడో ముక్క అందుకే ఉంది. ‘పీహెచ్ 5.5’ అన్న మాట కూడా ఇలాంటిదే. నూనె, సోడాతో చేసిన అసలు సబ్బు పీహెచ్ సాధారణంగా 9, 10 మధ్య ఉంటుంది. దాన్ని 5.5కు దించితే అది సబ్బుగా నిలవదు. చర్మం పీహెచ్‌కు సరిపడా చేశామని చెప్పే బార్లు చాలావరకు వేరే పదార్థాలతో చేసినవి.

‘మొటిమలు తగ్గిస్తుంది’, ‘తామర పోతుంది’, ‘తెల్లగా చేస్తుంది’ అన్న మాటల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మన చట్టాల్లో సబ్బు ఒంటికి వాడే సౌందర్య సాధనం. రోగం తగ్గిస్తుందని చెప్పిన క్షణం అది మందు కిందికి వస్తుంది, మందుకు ఉండాల్సిన అనుమతులన్నీ అడుగుతారు. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనలు తప్పుదారి పట్టించే మాటలను ఒప్పుకోవు. తప్పుడు ప్రకటనల మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా ఉంది. రీల్‌లో గొంతుతో చెప్పిన మాట కూడా ప్రకటనే, లేబుల్ మీద రాయలేదు కదా అంటే కుదరదు. అమ్మకానికి సబ్బు చేయడానికి రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం నుంచి లైసెన్సు తీసుకోవాలన్నది కూడా ఆ నిబంధనల్లోనిదే. ఇంట్లోనే చేస్తున్నాం కదా అని దాన్ని వదిలేస్తే రీల్ ఎంత బాగా వచ్చినా పునాది ఉండదు.

లేబుల్‌తో ఇంకో చిక్కు ఉంది, ముఖం చూపించకూడదనుకునేవాళ్లు దీన్ని చాలాసార్లు గమనించరు. తయారుచేసినవారి పేరు, చిరునామా ప్యాకెట్ మీద తప్పనిసరిగా ఉండాలి. ఇంటి నుంచి చేసేవాళ్లకు అది ఇంటి చిరునామానే. కొన్నవాళ్లకు అది తెలియడం న్యాయం, అందులో దాచాల్సింది లేదు. కానీ రీల్‌లో ప్యాకెట్ వెనక వైపు దగ్గరగా చూపిస్తే, ముఖం దాచి ఇంటి గుమ్మం చూపించినట్టవుతుంది. ప్యాకెట్ ముందు వైపే చూపించాలి. కొరియర్ కవర్లు కడుతున్న దృశ్యం తీస్తే కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు, చిరునామాలు కూడా బయటపడతాయి, అది మరీ తప్పు. కిటికీలోంచి కనిపించే ఎదురింటి బోర్డు, గోడ మీద పిల్లల స్కూలు క్యాలెండర్ లాంటివి కూడా ఊరినీ వీధినీ చెప్పేస్తాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాపార ఖాతా పెట్టుకున్నవాళ్లు ఫోన్ నంబరు, చిరునామా ప్రొఫైల్‌లో కనిపించే సెట్టింగ్ ఎలా ఉందో ఒకసారి చూసుకోవాలి.

ముఖం వద్దనుకున్నా రీల్‌లోకి దొంగతనంగా వచ్చే దారి ఒకటుంది, స్టీలు గిన్నె. సోడా తగిలే పనికి అల్యూమినియం వాడకూడదు. సోడాతో అది చర్య జరిపి హైడ్రోజన్ వాయువు వదులుతుంది, గిన్నె తినేస్తుంది. కాబట్టి స్టీలు, లేదా వేడికి ఆగే ప్లాస్టిక్. తళతళలాడే స్టీలు గిన్నె మీదికి పైనుంచి ఫోన్ పెట్టి తీస్తే వంగి చూస్తున్న ముఖం అందులో స్పష్టంగా పడుతుంది. గాజు కూజాలోనూ, నూనె నిలిచిన ఉపరితలం మీదా ఇదే జరుగుతుంది. తీసేటప్పుడు చిన్న తెరమీద కనిపించదు, పెట్టాక ఎవరో ఆపి చూసి చెబుతారు. ఫోన్‌ను స్టాండుకు బిగించి, మనిషి పక్కకు నిలబడి చేతులు మాత్రం ముందుకు చాపితే ఈ బెడద ఉండదు. గిన్నె బయటి వైపు కనిపించే దృశ్యాలకు ప్లాస్టిక్ జగ్గు వాడితే ఇంకా సులువు. పెట్టేముందు వీడియోను ఒక్కో ఫ్రేమ్ ఆపి, మెరిసే ప్రతి వస్తువునూ పెద్దది చేసి చూసుకోవాలి. వెలుగు కిటికీ నుంచి పక్కగా పడితే సబ్బు కోసిన అంచులు బాగా తేలతాయి.

సోడా నీళ్లలో కలిపే దృశ్యాన్ని రీల్‌లో పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఐదు సెకన్లలో జాగ్రత్తలన్నీ చెప్పలేం. సగం చూసి ఇంట్లో ప్రయత్నించే పిల్లలుంటారు. స్క్రిప్ట్‌లో అందుకే సోడాను తూచడం మాత్రమే చూపించాం. సోడా ఎన్ని గ్రాములో కూడా గొంతులో చెప్పలేదు. ఆ అంకెను వేరే నూనెలకు వాడితే ఒళ్లు మండే సబ్బు తయారవుతుంది.

గొంతు రికార్డు చేయడానికి ఫోన్‌లో ఉన్న వాయిస్ రికార్డర్ చాలు. గది మాత్రం ముఖ్యం. వంటింట్లో గోడలూ గట్టూ మాటను తిప్పికొట్టి గుహలో మాట్లాడినట్టు వినిపిస్తాయి. బట్టల బీరువా తెరిచి దాని ముందు కూర్చుంటే, లేదా పరుపులూ దుప్పట్లూ ఉన్న గదిలో చదివితే గొంతు దగ్గరగా, మెత్తగా వస్తుంది. ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ ఉన్న గది వద్దు, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉంచాలి. ఎదురుగా పెడితే ‘ప’, ‘భ’ పలికినప్పుడు ఊపిరి తగిలి ‘టప్’మని శబ్దం వస్తుంది. ‘పోయింది’, ‘పెసరపిండి’, ‘పదో తారీకు’ ఉన్న ఈ స్క్రిప్ట్‌లో అది బాగా తెలుస్తుంది. కాగితం చేతిలో పట్టుకుని చదివితే దాని గరగర కూడా రికార్డవుతుంది. ఒక్కో ముక్కను రెండుమూడుసార్లు చదివి, వాక్యానికీ వాక్యానికీ మధ్య కొంచెం ఎక్కువ ఆగితే తర్వాత కత్తిరించుకోవడం తేలిక.

చదివినట్టు వినిపిస్తోందా, చెప్పినట్టు వినిపిస్తోందా అన్నది తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. స్క్రిప్ట్ పక్కన పెట్టి, అదే సంగతి ఇంట్లో ఎవరికైనా చెబుతూ రికార్డు చేయాలి. రెండూ విని, రాసిన వాక్యం కంటే నోటికొచ్చిన వాక్యం బాగున్నచోటల్లా నోటికొచ్చినదే ఉంచాలి. పైన ఉన్న స్క్రిప్ట్‌లో ‘పోయింది నీళ్లే’ లాంటి వాక్యాలు రాసేటప్పుడు తట్టవు, మాట్లాడేటప్పుడే వస్తాయి.

గొంతు, దృశ్యాలు కలిపేటప్పుడు గొంతును ముందు పరచుకుని దాని మీద దృశ్యాలు అతికించాలి. దృశ్యాలు ముందు పెట్టి మాటను సర్దబోతే మాట పరుగెత్తాల్సి వస్తుంది. తెలుగు వాక్యంలో అసలు సంగతి చివరి క్రియలో తేలుతుంది. ‘నెల దాటేదాకా అమ్మకానికి’ అన్నంత వరకు ఏం చెబుతోందో తెలియదు, ‘పెట్టను’ అన్నప్పుడు తెలుస్తుంది. ఆ క్రియ పూర్తయ్యేదాకా దృశ్యం మారకూడదు. అక్కడే తీగ సబ్బు అడుగుకు చేరి ముక్క విడిపోతే చూడటానికీ వినడానికీ కుదురుతుంది. కోసిన చప్పుడు, ధార పడిన చప్పుడు పూర్తిగా తీసేయకుండా గొంతు కింద సన్నగా ఉండనివ్వాలి. వెనక పాట పెట్టాలనుకుంటే వ్యాపార ఖాతాలకు సినిమా పాటల్లో చాలావరకు దొరకవు, దొరికినా గొంతుతో పోటీ పడతాయి. ఈ స్క్రిప్ట్‌కు పాట అవసరం లేదు.

చాలామంది ఫోన్ శబ్దం ఆపేసి చూస్తారు కాబట్టి చెప్పిన మాటలు తెరమీద అక్షరాల్లో కూడా ఉండాలి. వాటిని చేత్తో టైపు చేసుకుంటే తప్పులు రావు. ఒక్కసారికి రెండు వరసలకు మించకుండా, తెర మధ్యకు దగ్గరగా పెట్టాలి. తెర అడుగున ఖాతా పేరు, వివరణ, కుడి పక్కన లైకులు, షేర్ గుర్తులు ఉంటాయి, అక్కడ పెట్టిన అక్షరాలు వాటి కింద పడిపోతాయి. ఒత్తులు, దీర్ఘాలు తెలిసేంత పెద్ద అక్షరాలు కావాలి. అలంకారంగా ఉండే ఫాంట్లలో ఒత్తులు కలిసిపోయి ‘సబ్బు’ లాంటి చిన్న మాట కూడా చదవడానికి కష్టమవుతుంది.

రీల్ పెట్టిన రెండు మూడు రోజులకు ఇన్‌సైట్స్ తెరిస్తే జనం ఎంతసేపు చూశారో చూపించే గీత ఉంటుంది. మొదటి మూడు సెకన్లలోనే గీత నిట్టనిలువుగా పడిపోతే మొదటి వాక్యమో మొదటి దృశ్యమో పట్టలేదన్నమాట. మాటకు ముందు ఖాళీ సెకను ఏమైనా ఉండిపోయిందా అని ముందు చూడాలి, చాలాసార్లు లోపం అక్కడే దొరుకుతుంది. సోడా దగ్గర పడిపోతే ఆ ముక్క పొడవైందని అర్థం, దాన్ని ‘సోడా కూడా ఉంది, అది లేకుండా సబ్బే లేదు’ వరకే ఉంచి చూడొచ్చు. త్రాసు దగ్గర గీత నిలబడితే, తర్వాతి విడత రీల్‌ను త్రాసుతోనే మొదలుపెట్టొచ్చు. వ్యాఖ్యల్లో ఒకే ప్రశ్న పదేపదే వస్తుంటే దాన్ని రాసిపెట్టుకోవాలి. ‘పొడి చర్మానికి పనికొస్తుందా’ అని ఎక్కువమంది అడిగారనుకోండి, ఆముదమూ నువ్వులనూనే ఎందుకు వేసిందో, ఐదు శాతం నూనెను సబ్బులో ఎందుకు మిగిల్చిందో చెప్పే మరో 40 సెకన్ల స్క్రిప్ట్‌కు అదే మొదటి వాక్యమవుతుంది.